సోడా సీసాలో వాయువు – పాల బకెట్టులో బుడగ

పాల సంఘంలో లాక్టోమీటరు దగ్గర వచ్చినంత తగాదా మరెక్కడా రాదు. సభ్యుడు ఇంటి ముందు గేదెను పిండి, బకెట్టు చేత పట్టుకుని నేరుగా సేకరణ కేంద్రానికి వస్తాడు. పాలు ఇంకా గోరువెచ్చగా ఉంటాయి, పైన నురుగు ఉంటుంది. టెస్టరు నమూనా తీసి లాక్టోమీటరు వేస్తే రీడింగు రోజూ వచ్చేదానికంటే రెండు డిగ్రీలు తక్కువ వస్తుంది. “చుక్క నీళ్లు కలపలేదు, మా గేదె మీద ఒట్టు” అని సభ్యుడు అంటాడు. “రీడింగు నేను రాసుకున్నది కాదు, మీ ఎదుటే కదా చూశాను” అని టెస్టరు అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. అదెలాగో తెలియాలంటే పాలను కాసేపు పక్కన పెట్టి గోలీ సోడా సంగతి చూడాలి. ఈ నెల పాఠం అక్కడినుంచి మొదలుపెడుతున్నాము.

గోలీ సోడా కట్టేవారి పని మీలో చాలామంది చూసే ఉంటారు. సీసాలో నీళ్లు నింపి, ఇనుప చట్రంలో బిగించి, బొగ్గుపులుసు వాయువు ఉన్న సిలిండరుకు గొట్టం కలుపుతారు. తరువాత చట్రాన్ని చేత్తో గిరగిరా తిప్పుతారు. తిరిగేటప్పుడు సీసా తలకిందులవుతుంది, వాయువు నీళ్లలో బాగా కలిసిపోతుంది, గోలీ జారి మెడలోకి వస్తుంది, లోపలి ఒత్తిడి దాన్ని రబ్బరు వాషరుకు అదిమి పెడుతుంది. మూత అదే, బిరడా అక్కరలేదు. ఈ సీసాను కనిపెట్టినవాడు హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు. 1872లో ఆయన తీసుకున్న పేటెంటు సీసా మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది.

బిగించి ఉన్న సోడా సీసాను వెలుగుకు ఎత్తి చూడండి. నీళ్లు తేటగా ఉంటాయి, ఒక్క బుడగ కనబడదు. అయినా వాయువు అందులోనే ఉంది. పంచదార నీళ్లలో కరిగి కనబడకుండా పోయినట్టే వాయువు కూడా నీళ్లలో కరిగి ఉంది. గోలీ నొక్కగానే “టప్” మని మోగి నీళ్లంతా బుడగలై పొంగుతుంది. నొక్కడానికి ముందూ తరువాతా నీళ్లు అవే, వాయువు అదే. మారినది ఒక్కటే, నీటి పైనున్న ఒత్తిడి.

ఈ సంగతిని కొలిచి చూపించినవాడు మాంచెస్టరులో ఉండిన విలియం హెన్రీ. 1803లో అచ్చయిన తన వ్యాసంలో ఆయన తేల్చినది ఇది. ఉష్ణోగ్రత మారకుండా ఉంచితే, ఒక ద్రవంలో కరిగే వాయువు మోతాదు ఆ ద్రవం మీద అదే వాయువు వేసే ఒత్తిడికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే ఒత్తిడి రెండింతలయితే కరిగేది రెండింతలు, సగమయితే సగం. దీన్నే హెన్రీ నియమం అంటారు.

కారణం కూడా కష్టమైనది కాదు. వాయువు అణువులు నిరంతరం పరుగెత్తుతూ నీటి పైతలాన్ని తాకుతూ ఉంటాయి. తాకినవాటిలో కొన్ని లోపలికి పోతాయి. లోపల ఉన్నవాటిలో కొన్ని పైకి వచ్చి తప్పించుకుంటాయి. పైన ఒత్తిడి రెండింతలయితే తాకే అణువులూ రెండింతలవుతాయి, లోపలికి పోయేవీ రెండింతలవుతాయి. లోపల పోగుపడే కొద్దీ బయటికి వచ్చేవి కూడా పెరుగుతాయి. పోయేవీ వచ్చేవీ సమానమైన చోట లెక్క నిలబడుతుంది. సంతలో లోపలికి వచ్చేవారూ బయటికి పోయేవారూ సమానంగా ఉన్నప్పుడు జనం తగ్గకుండా పెరగకుండా ఉన్నట్టే.

ఇప్పుడు ఒక సీసాకు లెక్క కట్టి చూద్దాం. సముద్రమట్టం దగ్గర మన చుట్టూ ఉన్న గాలి వేసే ఒత్తిడిని ఒక అట్మాస్ఫియరు అంటారు. 25 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, బొగ్గుపులుసు వాయువు ఒక్కటే ఒక అట్మాస్ఫియరు ఒత్తిడి వేస్తే, ఒక లీటరు నీటిలో అది సుమారు 1.45 గ్రాములు కరుగుతుంది. సోడా సీసాలో ఆ వాయువు ఒత్తిడి 4 అట్మాస్ఫియర్లు అనుకుందాం. అప్పుడు లీటరుకు 1.45ను 4తో హెచ్చవేసినంత, అంటే 5.8 గ్రాములు కరుగుతుంది. సీసా 200 మిల్లీలీటర్లది అయితే అందులో ఉండేది 1.16 గ్రాములు. బరువులో చూస్తే ఇది చిటికెడంత. కాని ఈ వాయువునంతా బయటికి వదిలి మామూలు ఒత్తిడిలో కొలిస్తే సుమారు 650 మిల్లీలీటర్లు వస్తుంది. ఒక సీసా నీళ్లలో మూడు సీసాలకు పైగా వాయువు దాగి ఉందన్నమాట.

మూత తీశాక ఎంత మిగులుతుంది? ఇక్కడే ఈ నియమంలోని అసలు కీలకం ఉంది. మూత తీశాక కూడా నీటి మీద గాలి ఒక అట్మాస్ఫియరు ఒత్తిడి వేస్తూనే ఉంటుంది. ఆ లెక్కన లీటరుకు 1.45 గ్రాములు మిగలాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. అలా మిగలదు. గాలి ఒక్క వాయువు కాదు, కొన్ని వాయువుల కలయిక. నూరు పాళ్లలో 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు. బొగ్గుపులుసు వాయువు నూటికి 0.04 పాలు మాత్రమే. ఒక్కొక్క వాయువూ తన పాలుకు తగినంత ఒత్తిడిని మాత్రమే వేస్తుంది. దీన్ని ఆ వాయువు పాక్షిక పీడనం అంటారు. హెన్రీ నియమంలో లెక్కకు వచ్చేది ఈ పాక్షిక పీడనమే గాని మొత్తం ఒత్తిడి కాదు. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు పాక్షిక పీడనం సుమారు 0.0004 అట్మాస్ఫియరు. కనుక చివరికి మిగిలేది లీటరుకు గ్రాములో వెయ్యోవంతు కూడా ఉండదు. తెరిచి పెట్టిన సోడా చప్పబడి ఉత్త నీళ్లయిపోవడం అందుకే.

అయితే చప్పబడడానికి ఎంతసేపు పడుతుందో ఈ నియమం చెప్పదు. చివరికి ఎక్కడ నిలుస్తుందో మాత్రమే చెబుతుంది. కదపకుండా ఉంచిన గ్లాసులో సోడా చాలాసేపు ఘాటుగానే ఉంటుంది. చెంచాతో కలిపితే నిమిషాల్లో చప్పబడుతుంది. సోడా కట్టేటప్పుడు చట్రం తిప్పడం కూడా ఈ కారణం చేతనే. తిప్పకపోయినా వాయువు కరుగుతుంది, కాని ఒక్కో సీసాకు అంతసేపు కూర్చుంటే సోడా బండి గిట్టుబాటు కాదు.

పాక్షిక పీడనం సంగతి తెలియక సోడా చెడేది ఇంకో చోట ఉంది. సీసాలోని గాలిని వెళ్లగొట్టకుండా వాయువు పట్టించారనుకోండి. ఒత్తిడి చూపే గేజి మీద ముల్లు 3 దగ్గర ఉంది. గేజి బయటి గాలి కంటే ఎంత ఎక్కువో చూపుతుంది కనుక లోపలి మొత్తం ఒత్తిడి 4. అందులో ఒక పాలు ముందునుంచీ ఉన్న గాలిది. బొగ్గుపులుసు వాయువు వాటా 3 మాత్రమే. అప్పుడు కరిగేది లీటరుకు 5.8 గ్రాములు కాదు, 4.35 గ్రాములే. గేజి సరిగ్గానే చూపింది, సోడాలో మాత్రం నాలుగోవంతు ఘాటు తగ్గింది. పైగా గాలి కలిసిన సోడా తెరవగానే విపరీతంగా పొంగి, సగం నీళ్లు చేతి మీద పోసి, తాగేసరికి చప్పగా ఉంటుంది. తెరిచినప్పుడు ఎక్కువ పొంగింది కనుక మంచి సోడా అని సంతోషించేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఇదే కారణం చేత, సగం తాగిన కూల్‌డ్రింకు సీసాలోకి పంపుతో గాలి కొట్టి మూత బిగించినా ఘాటు నిలవదు. లోపల ఒత్తిడి పెరుగుతుంది నిజమే, కాని పెరిగింది గాలి ఒత్తిడి. బొగ్గుపులుసు వాయువు పాక్షిక పీడనం ఉన్నచోటనే ఉంది.

ఇక వేడి సంగతి. ఉప్పు, పంచదార వేడినీళ్లలో ఎక్కువ కరుగుతాయి. వాయువులు నీళ్లలో దానికి తిరుగబడి, వేడెక్కిన కొద్దీ తక్కువ కరుగుతాయి. 25 డిగ్రీల దగ్గర 1.45 గ్రాములు కరిగే వాయువు 5 డిగ్రీల దగ్గర సుమారు 2.8 గ్రాములు, 40 డిగ్రీల దగ్గర సుమారు 1 గ్రాము కరుగుతుంది. మన సీసానే తీసుకుంటే, లోపలి 5.8 గ్రాములను నీళ్లలో నిలిపి ఉంచడానికి ఐసు పెట్టెలో 2 అట్మాస్ఫియర్లు చాలు. ఎండలో వేడెక్కి 40 డిగ్రీలయితే 6 అట్మాస్ఫియర్లకు దగ్గరగా కావాలి. వేసవి మధ్యాహ్నం బండి మీద సీసాలు పేలడానికి, చల్లని సోడా మెల్లగా తెరుచుకుని నోట్లో ఎక్కువసేపు చురుక్కుమనడానికి కారణం ఒక్కటే.

ఇప్పుడు బకెట్టు దగ్గరికి వద్దాం. పొదుగులో ఉన్న పాలు ఒక విధంగా బిగించిన సోడా సీసా వంటివి. పాలు తయారయ్యేది పశువు రక్తాన్ని ఆనుకుని. శరీరం పనిచేస్తున్నంతసేపూ బొగ్గుపులుసు వాయువు పుడుతూనే ఉంటుంది గనుక ఆ రక్తంలో దాని పాక్షిక పీడనం సుమారు 0.06 అట్మాస్ఫియరు ఉంటుంది. బయటి గాలిలో అది 0.0004 అని పైన చెప్పుకున్నాం. అంటే పొదుగులో ఉన్నది గాలిలో కంటే నూరు రెట్లకు పైగా ఎక్కువ. పాలు చన్ను నుంచి బకెట్టులో పడిన క్షణం నుంచే, గోలీ నొక్కిన సోడా మాదిరిగా, తమలోని ఆ వాయువును వదులుకోవడం మొదలుపెడతాయి. సోడాలా ఒక్కసారిగా పొంగవు. ఎందుకంటే సోడాలో ఉన్నది 4 అట్మాస్ఫియర్ల సరుకు, పాలలో ఉన్నది 0.06. కాబట్టి మెల్లగా, చాలావరకు కంటికి కనబడకుండా పోతుంది. కలిపితే, ఒక పాత్రలోంచి మరో పాత్రలో పోస్తే, కాస్తే త్వరగా పోతుంది.

ఇక్కడ హెన్రీ లెక్క యథాతథంగా సరిపోదని కూడా చెప్పాలి. ఉత్త నీళ్లలో కరిగే వాయువు లెక్క ప్రకారం, పశువు ఒంటి వేడి దగ్గర, 0.06 అట్మాస్ఫియరుకు లీటరులో 60 మిల్లీగ్రాములు ఉండాలి. అప్పుడే పిండిన పాలలో కొలిస్తే దానికి రెట్టింపు పైగానే వస్తుంది. కారణం, బొగ్గుపులుసు వాయువు పాలలోని లవణాలతో కలిసి కొంతభాగం వంటసోడా జాతి పదార్థంగా మారి ఉంటుంది. అలా మారినది లెక్కలో కరిగిన వాయువు కాదు. వాయువు వాయువుగానే ఉండి కరిగినంత వరకే ఈ నియమం వర్తిస్తుంది. నీళ్లతో గట్టిగా కలిసిపోయే అమోనియా వంటి వాయువులకు ఈ లెక్క సూటిగా పనికిరాకపోవడానికీ అదే కారణం.

పాలలోని ఈ వాయువు వల్ల ఆమ్లత పరీక్షలో చిన్న తేడా వస్తుంది. పులుపు ఏమాత్రం లేని తాజా పాలలో కూడా నూటికి 0.01 నుంచి 0.02 వరకు ఆమ్లత ఈ వాయువుదే. కాచిన తరువాత అది తగ్గుతుంది. పాలు పులవడం మొదలైందని దాన్ని చూసి అనుకోరాదు. ఆ సంగతి అంతటితో వదిలి, తగాదా తెచ్చే లాక్టోమీటరు దగ్గరికే పోదాం.

లాక్టోమీటరు కొలిచేది పాల సాంద్రత. సాంద్రత 1.031 అయితే రీడింగు 31. నీటి సాంద్రత 1.000 కనుక నీరు కలిసిన కొద్దీ రీడింగు సున్న వైపు దిగుతుంది. నీళ్లలో కరిగి ఉన్న వాయువు వల్ల సాంద్రత చెప్పుకోదగినంత మారదు. మార్చేది కరిగిన వాయువు కాదు, బయటపడి బుడగగా మారి ఇంకా పైకి పోకుండా పాలలోనే చిక్కుకున్న వాయువు. పాలు నీళ్లకంటే చిక్కన, అందులో వెన్న రేణువులూ మాంసకృత్తులూ ఉన్నాయి. అందుచేత సన్న బుడగ సోడాలో లాగ ఒక్క క్షణంలో పైకి పోదు. పిండేటప్పుడు ధార బలంగా పడి లోపలికి లాక్కుపోయిన గాలి బుడగలు కూడా వీటికి తోడవుతాయి. నిజానికి బకెట్టులో మనం చూసే నురుగులో ఎక్కువ భాగం ఆ గాలిదే.

ఎన్ని బుడగలుంటే ఎంత తేడా? లెక్క చాలా తేలిక, కాని ఫలితం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక లీటరు పాలలో ఒక మిల్లీలీటరు బుడగలున్నాయనుకోండి. అంటే వెయ్యి పాళ్లలో ఒక పాలు. బుడగకు బరువు లేనట్టే కనుక సాంద్రత కూడా వెయ్యింటికి ఒక పాలు తగ్గి 1.031 కాస్తా 1.030 అవుతుంది. రీడింగు ఒక డిగ్రీ పడిపోతుంది. ఒక లీటరులో మిల్లీలీటరంటే చిన్న చెంచాలో అయిదోవంతు. అది సన్నని బుడగలుగా చెదిరి ఉంటే తెల్లని పాలలో కంటికి కనిపించే ప్రశ్నే లేదు.

అదే నీళ్లు కలిస్తే ఒక డిగ్రీ పడడానికి ఎంత కావాలి? 31 డిగ్రీలూ పోవాలంటే అంతా నీరే కావాలి. కనుక ఒక డిగ్రీకి 31లో ఒక వంతు, అంటే నూటికి సుమారు మూడు పాళ్లు. లీటరుకు ఒక మిల్లీలీటరు బుడగ, లీటరుకు ముప్పై మిల్లీలీటర్ల నీళ్లు చేసినంత పని చేస్తుంది. పాపం, బుడగ కలిపినవాడు ఎవడూ లేడు.

ఒక సభ్యుడి పాలు తీసుకుని ఇది డబ్బులో ఎంతవుతుందో చూద్దాం. గేదె పాలు, వెన్న 6.5 శాతం, నిజమైన సవరించిన రీడింగు 31. చాలా సంఘాల్లో వాడే సూత్రం ప్రకారం, రీడింగును 4తో భాగించి, వెన్న శాతంలో అయిదోవంతు కలిపి, 0.14 కలిపితే వెన్న కాని ఘనపదార్థాలు, అంటే ఎస్.ఎన్.ఎఫ్. వస్తుంది. 7.75, 1.30, 0.14 కలిపితే 9.19. ఈ పాలనే పిండిన అయిదు నిమిషాలకు, పైనుంచి ధారగా పోసిన నమూనాలో చూశారు. లీటరుకు రెండు మిల్లీలీటర్ల బుడగలు చిక్కుకుని ఉన్నాయి. రీడింగు 29. అప్పుడు 7.25, 1.30, 0.14 కలిపి 8.69. గేదె పాలకు ఉండవలసిన ఎస్.ఎన్.ఎఫ్. 9 అయితే మొదటి లెక్కలో సభ్యుడు గట్టున ఉన్నాడు, రెండో లెక్కలో ధర కోత పడ్డాడు. మీ సంఘం సూత్రంలో చివరి అంకెలు కొంచెం వేరుగా ఉండవచ్చు. కాని రీడింగును నాలుగుతో భాగించడం అన్నిటా ఉంటుంది కనుక రెండు డిగ్రీలు పోతే అర శాతం పోవడం అన్నిటా ఒక్కటే. ధర సంగతి అలా ఉండగా, చూసేవారి కంటికి అది నూటికి ఆరు పాళ్లు నీరు కలిసిన పాలుగా కనిపిస్తుంది. మాట పడడం డబ్బు పోవడం కంటే కష్టం.

బుడగ మరో విధంగా కూడా మోసం చేస్తుంది. దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. గ్లాసులో సోడా పోసి ఒక ఎండుద్రాక్ష వేయండి. ముందు అడుగుకు పోతుంది. కాసేపటికి ఒంటినిండా బుడగలు అంటుకుని పైకి తేలుతుంది. పైన బుడగలు పగిలితే మళ్లీ మునుగుతుంది. పాలలో లాక్టోమీటరు గాజు గొట్టానికి అంటుకున్న బుడగలు దాన్ని ఇలాగే పైకి ఎత్తుతాయి. ఈసారి రీడింగు తగ్గదు, పెరుగుతుంది. అంటే పాలలో చెదిరిన బుడగ సభ్యుడి సొమ్ము తింటుంది, లాక్టోమీటరుకు అంటిన బుడగ సంఘం సొమ్ము తింటుంది. జిడ్డు పట్టిన లాక్టోమీటరుకు బుడగలు ఎక్కువగా అంటుతాయి. ప్రతి నమూనాకూ దాన్ని కడిగి తుడవమని చెప్పేది చాదస్తం కాదు.

అప్పుడే పిండిన పాలలో రీడింగు తగ్గడానికి బుడగలే మొత్తం కారణం అని మేము చెప్పడం లేదు. వెచ్చగా ఉన్నప్పుడు పాలలోని వెన్న ద్రవరూపంలో ఉంటుంది. చల్లారిన తరువాత అది మెల్లగా గట్టిపడి కొంత కుంచించుకుంటుంది. దీనికి గంటలు పడుతుంది, దాని వల్ల కూడా సాంద్రత కొంత పెరుగుతుంది. ఉష్ణోగ్రత సవరణ పట్టిక ఈ ఆలస్యాన్ని పట్టుకోలేదు, థర్మామీటరు చూపే వేడికి మాత్రమే సవరణ ఇస్తుంది. కనుక పిండిన వెంటనే చూసిన రీడింగును ఎంత సవరించినా కాస్త తక్కువగానే ఉంటుంది. బుడగ భాగం అరగంటలో పోతుంది, వెన్న భాగం ఇంకా నెమ్మదిగా పోతుంది.

ఇది నీళ్లా, బుడగలా అని తేల్చుకునే ఉపాయం ఉంది. నమూనాను మూత పెట్టి కదపకుండా అరగంట, వీలైతే గంట ఉంచండి. పైన తేలిన నురుగును తీసి, మీగడ కలిసేలా నమూనాను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి అంచు వెంట జార్చి మెల్లగా కలపండి. గిలకొట్టకూడదు, గిలకొడితే పోయిన బుడగలు మళ్లీ వస్తాయి. తరువాత సిలిండరును వాల్చి పట్టుకుని గోడ వెంట పోసి, నిలబెట్టి, లాక్టోమీటరును వేలితో పట్టి మెల్లగా దించి వదిలి, ఉష్ణోగ్రత చూసి సవరించండి. రీడింగు పైకి వచ్చిందంటే మొదట తగ్గింది తాజాతనం వల్ల. నీళ్లు కలిసిన పాలయితే గంట ఉంచినా, రోజంతా ఉంచినా రీడింగు తిరిగి రాదు, నీరు బుడగలాగ లేచి పోయేది కాదు గనుక. రెండో ఆనవాలు వెన్న దగ్గర దొరుకుతుంది. నూటికి ఆరు పాళ్లు నీరు కలిస్తే 6.5 ఉండే వెన్న 6.1కి దిగుతుంది. బుడగల వల్ల రీడింగు మాత్రం పడి, వెన్న రోజూ వచ్చేంతే వస్తుంది. ఆ సభ్యుడి పాలకు వారం పది రోజుల పుస్తకం తిరగేస్తే ఏది జరిగిందో చాలావరకు తెలిసిపోతుంది. పశువుకు జబ్బు చేసినా, ఈత మారినా వెన్న మారుతుంది కనుక ఈ రెండో ఆనవాలును ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

యంత్రం వచ్చింది గనుక ఈ గొడవ పోయిందని కొందరు అనుకుంటున్నారు. సంఘాల్లో ఇప్పుడు వాడే మిల్క్ ఎనలైజర్లలో చాలావాటికి ఆధారం పాలలోంచి పోయే సూక్ష్మధ్వని తరంగాలు. ఆ తరంగానికి బుడగ పెద్ద అడ్డు. లాక్టోమీటరు కంటే ఈ యంత్రాలకే బుడగ ఎక్కువ ఇబ్బంది. నమూనా కప్పులో నురుగుతో పాలు పట్టి వెంటనే గొట్టం కింద పెడితే వచ్చే అంకెను నమ్మలేం. అదే కప్పును కాసేపు నిలబెట్టి మళ్లీ చూస్తే వేరే అంకె వస్తుంది. రెండు అంకెల మధ్య తేడా ఎక్కువగా ఉంటే మొదటిదాన్ని పుస్తకంలో ఎక్కించకుండా ఉండడం టెస్టరు విజ్ఞత.

చలివేసిన నమూనాతో ఇంకో చిక్కు ఉంది. వాయువులు చల్లని ద్రవంలో ఎక్కువ, వెచ్చని ద్రవంలో తక్కువ కరుగుతాయని సోడా దగ్గర చూశాం. గాలికీ ఇదే వర్తిస్తుంది. 5 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 25 మిల్లీలీటర్ల గాలి కరిగి ఉండగలదు, 30 డిగ్రీల దగ్గర సుమారు 15 మాత్రమే. పొయ్యి మీద పెట్టిన నీళ్లు మరగడానికి చాలా ముందే గిన్నె అడుగున సన్న బుడగలు అంటుకుని కనిపించేది ఈ గాలి. పాలలో కూడా లెక్క ఇంచుమించు ఇంతే. ఐసులో పెట్టి తెచ్చిన నమూనాను వెచ్చబరిస్తే లీటరుకు పది మిల్లీలీటర్ల వరకు గాలి బయటపడవలసి ఉంటుంది. అందులో పదోవంతు పాలలో చిక్కుకున్నా ఒక డిగ్రీ పోయినట్టే. అందుకే ప్రయోగశాలలో సాంద్రత చూసేముందు నమూనాను 40 డిగ్రీల వరకు వెచ్చబరచి, అయిదు నిమిషాలు ఉంచి, మెల్లగా కలిపి, అప్పుడు పరీక్ష ఉష్ణోగ్రతకు చల్లారుస్తారు. బయటపడవలసిన వాయువు వేడిలోనే బయటపడిపోతుంది. తరువాత చల్లార్చేటప్పుడు ద్రవం మరింత వాయువును ఇముడ్చుకోగలదు గనుక కొత్త బుడగ పుట్టదు. గట్టిపడిన వెన్న కరగడం కూడా ఆ వేడితోనే జరుగుతుంది.

పెద్ద డెయిరీల్లో ఇదే పని ఒత్తిడి తగ్గించి చేస్తారు. పాలను వెచ్చబరచి, గాలి లాగేసిన పాత్రలోకి పలుచగా జల్లుతారు. పైన ఏ వాయువు పాక్షిక పీడనమూ మిగలదు కనుక పాలలో కరిగి ఉన్న వాయువులు నిలబడలేక బయటికి వచ్చేస్తాయి. గోలీ నొక్కినప్పుడు నాలుగు అట్మాస్ఫియర్ల నుంచి ఒకటికి దిగినట్టే, ఇక్కడ ఒకటి నుంచి సున్న వైపు దిగుతుంది. గ్రామంలో మనకు ఆ పాత్ర లేదు. బకెట్టు మీద శుభ్రమైన మూత, ధారగా ఎత్తునుంచి పోయకుండా అంచు వెంట పోయడం, వచ్చిన వరుసలో పాలు తీసుకున్నా నమూనా సీసాలను ఒక పక్క బల్లమీద అరగంట నిలబెట్టి తరువాత చూడడం, ఈ మూడూ మన చేతిలో ఉన్నవి. వేసవిలో అరగంటకు పాలు పులిసిపోతాయేమో అని భయపడనక్కరలేదు. ఆగేది నమూనా మాత్రమే. క్యాన్లు ఎప్పటివలె చిల్లింగ్ సెంటరుకు వేళకు పోతాయి.